రెండో పేజీ లేని అర్జీ

సెమిస్టరు మొదలైన తొమ్మిదో పని దినాన, పదకొండు దాటాక, ఆ అమ్మాయి నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో నేను ఇరవై ఆరేళ్లు గుమాస్తాగా పనిచేశాను. విద్యార్థుల అర్జీ ఏదైనా ముందు నా చేతికి రావాలి. నేను చూసి ఫైలు కట్టాకే హెడ్డు గారి గదికి పోతుంది. పిల్లలకు నేనంటే ఇష్టం ఉండేది కాదు. వెనకాల నన్ను గుండుసూది అనేవారు. అననీ. ఆ అమ్మాయికీ ఒక పేరు పెట్టారు. ఏడాదిగా చవుడు నేలల వెంట తిరిగి, మట్టి తెచ్చి, అంత ఉప్పులోనూ బతికే బ్యాక్టీరియాను ఏరుతోంది. అందుకని ఉప్పుపిల్ల. ఎమ్మెస్సీ రెండో ఏడు, మూడో సెమిస్టరు.

కాగితం చదివాను. ఒకటే పేజీ. ముప్పావు భాగం వాళ్ల అక్క గురించే. అక్కకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. అమ్మా నాన్నా లేరు. పెంచింది అక్క, చదివించింది అక్క. చెప్పుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా కుట్టుమెషీను మీద. చెల్లెలు తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. సరిపోతుందని ఆసుపత్రి వాళ్లు నిన్ననే తేల్చారు. వచ్చే వారం ఆపరేషను. ఇదంతా అయ్యాక అడుగున ఒక్క వాక్యం. ఈ సెమిస్టరుకు సెలవు ఇప్పించండి, తిరిగి వచ్చి మూడో సెమిస్టరు పూర్తి చేస్తాను అని.

"ఎప్పుడొస్తావు?" అన్నాను.

"వచ్చే సెమిస్టరు సార్."

"వచ్చే సెమిస్టర్లో మూడో సెమిస్టరు ఎక్కడుంది?"

బిక్కమొహం వేసింది. చెప్పాను. మూడో సెమిస్టర్లో గణాంక పద్ధతుల కోర్సు ఒకటుంది. ఏడాదికి ఒక్కసారే చెబుతారు. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ ఏడాదికే దొరుకుతుంది. మధ్యలో వచ్చి లేని కోర్సులో కూర్చుంటానంటే అర్జీలు తేల్చే విభాగం కమిటీ నవ్వుతుంది, లేదా కొట్టేస్తుంది. రెండో పని సులువు.

ఇంకో చిక్కుంది. అది ఆమె చేతులారా తెచ్చుకున్నది. సెమిస్టరుకు పేరు నమోదు చేసుకుని కూర్చుంది. ఎందుకు చేసుకున్నావంటే, నమోదు కాకపోతే హాస్టలు గది పోతుందని సీనియర్లు చెప్పారట. ముందు నమోదు చేసుకో, సెలవు తర్వాత చూసుకోవచ్చు అన్నారట. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు, ఎవరో ఒకరు మునుగుతారు. నమోదు చేసుకున్న వాళ్లు సెలవు అడగాలంటే పదో పని దినం సాయంత్రం అయిదు లోపు అర్జీ మంజూరై అకడమిక్ సెక్షన్ ముద్ర పడాలి. పడకపోతే ఆ మర్నాటి నుంచి రాని ప్రతి రోజూ గైర్హాజరు. హాజరు చాలక సెమిస్టరు తప్పుతుంది. తప్పితే స్కాలర్‌షిప్పు ఆగడమే కాదు, థీసిస్ నమోదు రద్దవుతుంది. తర్వాత సీటు ఖాళీగా ఉంటే చేరాలి, లేకపోతే లేదు.

"అయితే రేపు సాయంత్రం అయిదేనా సార్?"

"రేపే."

కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. ఈ నెలది అయిపోయింది. మిగిలిన దారి ఒకటే, ఫైలు నడిపించడం. అంటే కమిటీలో ఉన్న అయిదుగురి దగ్గరికీ ఫైలు పట్టుకెళ్లి విడివిడిగా సంతకాలు తీసుకోవడం. కూర్చుని తీర్మానిస్తే ముగ్గురు చాలు. నడిపించినప్పుడు మాత్రం అయిదూ ఉండాలి. ఒక్కరు లేకపోయినా ఫైలు చచ్చినట్టే.

"ఇది తీసుకెళ్లు," అని కాగితం వెనక్కి తోశాను. "అక్క గురించి నాలుగు వాక్యాలు చాలు. డాక్టరు కాగితం జత చెయ్యి. రెండో పేజీ రాసుకురా. ఎప్పుడొస్తావు, వచ్చాక ఏది ముందు, ఏది వెనక. ఇప్పటిదాకా చేసిందేంటి, మిగిలిందేంటి. కింద మీ గైడు సంతకం."

"నమూనా ఏమైనా ఉందా సార్?"

"పేరు మార్చి రాసుకునే కాగితం కాదిది."

వరండాలో నా కిటికీ ఎదురుగా ఒక బెంచీ ఉంది. అక్కడ కూర్చుని రాయడం మొదలుపెట్టింది. కూర్చుందనడం కూడా అబద్ధమే. రెండు వాక్యాలు రాసి లేచేది. వరండా చివరిదాకా నడిచి, ఫోను చూసుకుని, వచ్చి, రాసింది కొట్టేసేది. కట్టేసిన దూడ గుంజ చుట్టూ తిరిగినట్టు తిరిగింది. నా పని చెడుతోందని కిటికీ మూశాను. మళ్లీ నేనే తీశాను.

మొదటిది పట్టుకొచ్చింది. అందులో మూడుచోట్ల 'ఆశిస్తున్నాను' అని ఉంది.

"ఆశలు కమిటీకి పనికిరావు. తేదీలు రాయి."

రెండోది తెచ్చింది. ఆపరేషనయిన పదో వారం నుంచి ఇంటి దగ్గరే థీసిస్ మొదటి అధ్యాయం రాస్తానని రాసింది. అది కూడా కుదరదన్నాను. సెలవంటే సెలవే. సెలవులో ఉన్న విద్యార్థికి గైడు పని చెప్పకూడదు, చెప్పించుకోనూ కూడదు. రేపు ఏదైనా తేడా వస్తే సెలవులో లేవు, పనిచేస్తున్నావు అంటారు. మంచి పేరు కోసం రాసిన మాట మెడకు చుట్టుకుంటుంది.

మూడోది బాగుంది. పొడిగా ఉంది. ఒకటి, వచ్చే సెమిస్టరు మొదటి రోజున వైద్య ధ్రువపత్రంతో చేరతాను. రెండు, ఆ సెమిస్టరంతా థీసిస్ ప్రయోగాలు. మూడు, తర్వాతి సెమిస్టర్లో గణాంక పద్ధతుల కోర్సు, థీసిస్ సమర్పణ. గరిష్ఠ గడువు నాలుగేళ్లు, నాకు మూడేళ్ల లోపే అవుతుంది. అక్కడికి చాలు. కానీ నాలుగోది కూడా రాసింది. 'నేను వేరుచేసిన ముప్పై ఎనిమిది బ్యాక్టీరియా కల్చర్లు నేను తిరిగి వచ్చేవరకు నా పేరు మీదే భద్రంగా ఉండాలి. ఈ పరిశోధనాంశం ఈ లోపు వేరొకరికి ఇవ్వకూడదు.'

ఇది ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదంది. నిన్న గైడుకు విషయం చెబితే, మంచి పని చేస్తున్నావమ్మా అన్నాడట. ఆ వెంటనే, పని మాత్రం ఆగదు, నీ కల్చర్ల ట్యూబులు జూనియరుకి ఇచ్చేస్తాను, నువ్వొచ్చాక ఇంకేదో చూద్దాం అన్నాడట.

"ఇంకేదో అంటే మళ్లీ మొదటి నుంచి సార్. నేలలోని చవుడు ఎండాకాలమే పైకి తేలుతుంది. ఆ రెండు నెలల్లోనే మట్టి తియ్యాలి. ఇంకో ఏడాది నన్నెవరు పోషిస్తారు?"

నాలుగో అంశాన్ని అలాగే ఉంచమన్నాను.

ఆ రోజు గైడు ఏదో మీటింగుకు వెళ్లి రాలేదు. ఆరు దాకా ఆయన గది తలుపు ముందు నిలబడిందని వాచ్‌మన్ చెప్పాడు.

పదో రోజు నేను తలుపు తాళం తీసేసరికి బెంచీ మీద ఇద్దరున్నారు. ఉప్పుపిల్ల, పక్కన వాళ్లక్క. ముప్పై దాటి ఉండదు. మొహం బూడిద రంగు. కాళ్లు వాచి చెప్పుల పట్టీలు కోసుకుపోతున్నాయి. నిన్న డయాలసిస్ అయిందట, ఇవాళ పడుకోవాలట. పడుకోకుండా ఇక్కడికెందుకొచ్చావమ్మా అన్నాను.

"చూసి పోదామని అండి," అంది. "ఇది రాసిచ్చే కాగితం సంగతి."

చెల్లెలు గైడు కోసం పైకి వెళ్లగానే ఆమె నా బల్ల దగ్గరికొచ్చింది. కుర్చీ ఇస్తే కూర్చుంది. గొంతు తగ్గించి చెప్పింది. తను ఒప్పుకోలేదట, చెల్లెలే డాక్టర్ల చుట్టూ తిరిగి రక్తం ఇచ్చి పరీక్షలు చేయించుకుందట.

"అది మళ్లీ వచ్చి చదువుతుందని మీ ఆఫీసు రాసిస్తేనే నేను ఆ బల్ల ఎక్కుతాను. లేకపోతే ఎక్కను. దానికి చెప్పకండి."

"ఎక్కకపోతే ఏమవుతుందో తెలుసా నీకు?"

"మీకంటే బాగా తెలుసండి. వారానికి మూడు రోజులు చూస్తున్నా."

ఇదొకటి తగులుకుంది. కాగితం మీద ఒక చదువే ఉందనుకున్నాను. ఇప్పుడు ప్రాణం కూడా వచ్చి కూర్చుంది.

నాకు తెలిసిన ఒక అర్జీ సంగతి ఇక్కడ చెప్పాలి. మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను నెల రోజులు సెలవు అడిగాను. పరీక్షలయ్యేదాకా ఆగమని అప్పటి హెడ్డు నోటిమాటగా చెప్పాడు. కాగితం తీసుకోలేదు, కాదనీ రాయలేదు. ఆగాను. పరీక్షలు అయ్యాయి, ఆమె పోయింది. ఆయన్ను క్షమించలేదు, ఆగినందుకు నన్నూ క్షమించలేదు. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా రాసివ్వమంటాను. గుండుసూది పేరు అప్పుడు వచ్చిందే.

పదకొండున్నరకు ఉప్పుపిల్ల తిరిగొచ్చింది. చేతిలో రెండో పేజీ. కింద గైడు సంతకం ఉంది. నాలుగో అంశం మీద మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రసిరా గీత.

"సంతకం పెట్టేశారు సార్. ఇలాగే పంపేద్దాం. టైము లేదు."

"నాలుగోది పోతే?"

"పోనీ సార్. అక్క ఉంటే చాలు."

అక్క కాగితం లాక్కుని చూసింది. చదవడం వచ్చు, నెమ్మదిగా. వేలు పెట్టి గీత వెంట చివరిదాకా జరిపింది.

"దీన్నెందుకు కొట్టేశారు?"

"ఏదో లేవే. ఆఫీసు పద్ధతి."

"అబద్ధం ఆడితే నీ చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రగా ఉన్నాయి. నేను ఇన్ని చెప్పులు కుట్టింది నువ్వు మళ్లీ మొదట్నుంచి మట్టి తవ్వుకోవడానికా?"

"నువ్వు బతికుంటే ఎంత మట్టయినా తవ్వుతా. నోరు మూసుకుని కూర్చో."

"నువ్వు మూసుకో. పెద్దదాన్ని."

ఇద్దరూ ఎదురుబొదురుగా, ఒకే ముక్కు, ఒకే మొండితనం. ఇద్దర్నీ ఉండమని కాగితం నా చేతిలోకి తీసుకున్నాను. గీత వైపు ఇంకోసారి చూశాను. గీత పక్కన ఏమీ లేదు. ఆఫీసు కాగితం మీద దేన్నయినా కొట్టేస్తే, కొట్టేసిన వాళ్లు పక్కనే పొట్టి సంతకం పెట్టి తేదీ వెయ్యాలి. అది లేకపోతే ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో ఫైలుకు తెలియదు. పెద్ద చదువులు చదివిన వాళ్లు ఈ చిన్న పని ఎప్పుడూ మర్చిపోతారు. ఈయన మర్చిపోయాడో, వద్దనుకున్నాడో తేల్చుకోవాలి.

నేను కుర్చీ లోంచి లేవడం అరుదు. కాగితాలే నా దగ్గరికొస్తాయి. ఆ రోజు లేచి రెండంతస్తులు ఎక్కాను.

గైడు చెడ్డవాడేమీ కాదు. కష్టపడి పైకొచ్చాడు, పిల్లల్ని తిట్టడు, జేబులోంచి తీసి రసాయనాలు కొంటాడు. అలాంటి వాళ్లతోనే ఎక్కువ చిక్కు. తాము చేసేది అన్యాయమని వాళ్లకు తట్టదు. నేను కాగితం ముందు పెట్టి, సార్, ఇక్కడ పొట్టి సంతకం కావాలి అన్నాను.

"కింద పెట్టాను కదా."

"అది మొత్తానికి సార్. ఇది గీతకి. ఎందుకు కొట్టేశారో పక్కన ఒక్క ముక్క కూడా రాస్తే కమిటీకి తెలుస్తుంది."

పెన్ను మూత తీశాడు. కాగితం మీదికి తెచ్చాడు. ఆపాడు.

"ఏడాది చివరికి నేను ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలయ్యా. డబ్బు ఇచ్చిన వాళ్లు ఫలితాలు అడుగుతారు. పిల్ల ఆసుపత్రిలో ఉంది, ట్యూబులు ఫ్రీజర్లో ఉన్నాయి అని రాయమంటావా?"

"ఆ మాటే ఇక్కడ రాయండి సార్. కారణమే కదా."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. పెన్ను మూత పెట్టి, కాగితాన్ని రెండు వేళ్లతో నా వైపు జరిపాడు.

"ఒక పని చెయ్యి. నాలుగోది లేకుండా ఫెయిర్ కాపీ తీయించు. సంతకం పెట్టేస్తా. గొడవే ఉండదు."

తెలివైన మాట. గీతా ఉండదు, గీసిన చెయ్యీ ఉండదు. నాలుగో అంశం అసలు పుట్టలేదన్నట్టు ఉంటుంది. కింద ఆ పిల్ల సరేననడానికి సిద్ధంగా ఉంది. నాకు తెలుసు.

"అర్జీ ఆ అమ్మాయిది సార్. మార్చి రాయాలంటే ఆమే రాయాలి. ఆమె రాయనంటోంది."

ఆ అబద్ధం నాది. ఇరవై ఆరేళ్లలో ఫైలు విషయంలో నేనాడింది అదొక్కటే.

"అయితే ఎలా ఉందో అలా పంపించుకో," అని ఆయన సూక్ష్మదర్శిని వైపు తిరిగాడు.

దిగి వచ్చి ఉప్పుపిల్లకు చెప్పాను. నీ తరఫున ఇలా అనేశాను, కాదంటే ఇప్పుడే చెప్పు, ఫెయిర్ కాపీ అరగంట పని అన్నాను. వాళ్లక్క వైపు చూసింది. అక్క గోడ వైపు చూస్తోంది.

"అయిదోవారు మా గైడే కదా సార్. కమిటీలో ఆయనా ఉన్నారు. చివర్లో ఫైలు తొక్కిపెడితే?"

"తొక్కిపెడితే నీ సెమిస్టరు పోతుంది."

కాసేపు గోళ్లు కొరుక్కుంది. తర్వాత, "మార్చి రాయను సార్," అంది. నా అబద్ధం నిజమైంది.

ఫైలు కట్టి, మొదటి కాగితం మీద నా నోటు రాశాను. 'రెండో పేజీ నాలుగో అంశం మీద కొట్టివేత ఉంది. పక్కన సంతకం లేదు. గైడు గారిని అడిగాను. పెట్టలేదు.' నాలుగు వాక్యాలు. ఎవరినీ తిట్టలేదు.

హెడ్డు గారు భోజనం నుంచి రెండింటికి వచ్చారు. నోటు చదివి నా మొహంలోకి చూశారు. నన్నిందులోకి ఎందుకు లాగుతున్నావయ్యా అన్నారు. లాగలేదండి, ఉన్నది రాశాను అన్నాను. డాక్టరు కాగితం తిరగేశారు. కిటికీ లోంచి బెంచీ మీదున్న అక్కను చూశారు. చివరకు 'నిబంధనల మేరకు' అని రాసి సంతకం చేశారు. ఆ రెండు మాటలకు అర్థం ఎటు కావాలంటే అటు వస్తుంది. అందుకే అవి ఆయనకు ఇష్టం.

ఇంకో ఇద్దరు సభ్యులు, ఒకాయన ల్యాబులో, ఒకాయన లైబ్రరీలో దొరికారు. ఇద్దరూ ఒకే మాటన్నారు, ముందు మేడమ్ ఏమంటుందో చూడండి, తర్వాత పెడతాం. మేడమ్ అంటే గణాంక పద్ధతులు చెప్పే ఆవిడ. ఆవిడ క్లాసులో ఉంది. క్లాసు మూడూ పదికి వదులుతుంది. ఆవిడ క్లాసు మధ్యలో తలుపు కొట్టినవాడు మళ్లీ కొట్టడు.

తలుపు బయట నిలబడ్డాం. లోపల సుద్ద చప్పుడు. ఉప్పుపిల్ల వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తోంది. ఎన్నిసార్లు నడిచిందో చెప్పగలను, కానీ చెప్పను. ఫోను రెండుసార్లు మోగింది. ఆసుపత్రి వాళ్లు. రేపు ఉదయం ఇద్దరూ వచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టాలట. అలాగే అలాగే అని పెట్టేసింది. అన్నిచోట్లా సంతకాలే అంది. నవ్వలేదు.

మూడూ పన్నెండుకు మేడమ్ బయటికొచ్చింది. చేతులకున్న సుద్ద చీరకు తుడుచుకుని, నిలబడే ఫైలు మొత్తం చదివింది. రెండో పేజీ రెండుసార్లు చదివింది.

"నా కోర్సు తర్వాతి ఏడు చేస్తానని రాశావు. ముందు థీసిస్ ప్రయోగాలు, ఆ తర్వాత గణాంకాలు. లెక్కలు రాకుండా ప్రయోగం ఎలా పెడతావు? ఎన్ని నమూనాలు తీయాలో ఎలా తెలుస్తుంది?"

ఆ మాట ఉప్పుపిల్లకే కాదు, నాకూ తట్టలేదు.

"తిరిగొచ్చిన మొదటి వారం నా దగ్గరికి రా. ప్రయోగం పథకం నాకు చూపించి మొదలుపెట్టు. అది కూడా ఇందులో రాయి. అయిదోది."

గోడకు ఆనించి అయిదో అంశం రాసింది. మేడమ్ ఆ పక్కన తనే పొట్టి సంతకం పెట్టింది, తేదీ వేసింది. తర్వాత నా నోటు కింద ఇలా రాసింది. 'సంతకం లేని కొట్టివేత చెల్లదు. నాలుగో అంశం ఉన్నట్టే పరిగణించి ఆమోదిస్తున్నాను.' కింద పూర్తి సంతకం. చెయ్యి ఆగలేదు. మిగతా ఇద్దరూ ఆ సంతకం చూశాక మాట్లాడకుండా పెట్టారు. అలాంటి ధైర్యవంతులు ప్రతి కమిటీలోనూ ఉంటారు.

నాలుగూ ఇరవై అయింది. మిగిలింది ఒక్కటి.

గైడు ల్యాబులో సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఫైలు బల్ల మీద పెట్టాను. చేతులు తుడుచుకుంటూ దూరం నుంచే మేడమ్ రాసింది చదివాడు. మళ్లీ కుళాయి తిప్పి చేతులు కడిగాడు. ఇప్పుడాయనకు రెండు దారులు. కాదని పేరు పెట్టి రాయడం ఒకటి. ఏమీ రాయకుండా అయిదు దాటించడం ఇంకోటి. రెండోదానికి కష్టం లేదు, మచ్చ లేదు. గడియారమే చూసుకుంటుంది.

"ఇక్కడ పెట్టి వెళ్లండి. చూస్తాను," అన్నాడు.

నేను కదల్లేదు. అప్పటిదాకా నా వెనక ఉన్న ఉప్పుపిల్ల ముందుకొచ్చింది.

"సార్, మీ రిపోర్టుకి ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ ఇచ్చి వెళ్తాను. నోటుపుస్తకం కాపీ కూడా. నా పేరు వేసి వాడుకోండి. కల్చర్లు మాత్రం ఇవ్వను."

"నువ్వు ఇవ్వకపోవడమేంటి? ల్యాబు నాది."

"ల్యాబు మీదే సార్. మట్టి నేను మోసుకొచ్చాను. ఒక్కదాన్నే, ఆ ఎండలో. మీకు తెలుసు."

కుళాయి ఇంకా కారుతోంది. ఆయన దాన్ని కట్టలేదు. ఫలితాలన్నీ అంటే ఉప్పు తట్టుకునే పరీక్షలు కూడానా అని అడిగాడు. అవి కూడా, పట్టికలతో సహా అంది. ఎప్పటికి ఇస్తావన్నాడు. ఇప్పుడే పంపిస్తాను, మీరు సంతకం పెట్టేలోపు వచ్చేస్తుంది అంది. ఫోను తీసి అక్కడే నిలబడి పంపింది. ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూసుకున్నాడు, కింది దాకా జరిపి చూసుకున్నాడు.

అప్పుడు సంతకం పెట్టాడు. తడి చేత్తో పెట్టాడు, సిరా కొంచెం పాకింది. మేడమ్ రాసిన దానికి ఒక్క మాట చేర్చలేదు.

అకడమిక్ సెక్షన్ పక్క భవనంలో. నాలుగూ నలభై ఎనిమిది. నేను పరిగెత్తి పాతికేళ్లయింది. ఆ అమ్మాయిని పరిగెత్తొద్దన్నాను, వచ్చే వారం ఆపరేషను. ఇద్దరం పరిగెత్తాం. కౌంటరు వాడు ముద్ర పెట్టె మూసేసి సంచి భుజానికేసుకుంటున్నాడు. రేపు రండి అన్నాడు. రేపు పదకొండో రోజు బాబూ అన్నాను. గోడ గడియారం చూశాడు, నన్ను చూశాడు, తిట్టుకుంటూ పెట్టె తెరిచాడు. ముద్ర పడింది. నమోదు రద్దు, సెలవు మంజూరు, తిరిగి చేరాల్సిన తేదీ. కింద జతగా రెండో పేజీ, అయిదు అంశాలతో. ఎర్రగీత అలాగే ఉంది. అది దేన్నీ దాచలేదు, అడుగున అక్షరాలు స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి అక్క బెంచీ మీద కళ్లు మూసుకుని ఉంది. చెల్లెలు భుజం తట్టి కాగితం చేతికిచ్చింది. అక్క మొదటి పేజీ చూడలేదు. రెండో పేజీ మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. తేదీ బయటికి చదివింది. ఇంకోసారి చదివింది.

"దీనికి జిరాక్సు ఒకటి ఇప్పించండి," అని నన్ను అడిగింది.

"ఆసుపత్రిలో అక్కర్లేదమ్మా ఇది."

"ఆసుపత్రికి కాదండి. నాకు."

ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. ఎప్పుడు బయల్దేరదాం అని చెల్లెల్ని అడిగింది. ఒక గంట పనుందే, ల్యాబులో అంది చెల్లెలు. అయితే నేనిక్కడే పడుకుంటా అని బెంచీ మీద కాళ్లు చాపుకుంది.

ఆ గంట పని నేను చూశాను. ఫైలు కాపీ గైడుకు ఇవ్వాలి, ఆ వంకన వెళ్లాను. ఉప్పుపిల్ల స్పిరిటు దీపం ముందు కూర్చుని ఉంది. ఒక్కో పళ్లెంలోంచి పెరిగిన బ్యాక్టీరియాను గీకి, గ్లిజరిన్ పోసిన చిన్న సీసాల్లో కలుపుతోంది. అలా కలిపి గడ్డకట్టిస్తే ఏళ్ల తరబడి చావవట. మూతల మీద నంబర్లు, పక్కన తేదీ. రెండు రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల ఒకచోట కుదురుగా కూర్చోవడం చూశాను.

గైడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నువ్వు లేనప్పుడు ఏది చచ్చినా నన్నడక్కు. ఫ్రీజరుకి కరెంటు పోతుంటుంది."

"రెండు సెట్లు చేస్తున్నా సార్. ఒకటి మీ ఫ్రీజర్లో, ఒకటి హెడ్డు గారి ఫ్రీజర్లో. ఆయన్ని అడిగాను."

ఆయన వెళ్లబోయి ఆగాడు.

"పంతొమ్మిది నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని ఎక్కువ గీకు."

అది దయ అని తర్వాత హెడ్డు గారన్నారు. నేననుకోను. పంతొమ్మిదో నంబరు మీదే ఆయన రిపోర్టు నిలబడి ఉంది. ఉప్పుపిల్లకూ ఆ సంగతి తెలుసు. పంతొమ్మిదికి మాత్రం రెండు కాదు, నాలుగు సీసాలు నింపింది. మిగతా రెండూ ఎక్కడ పెడుతుందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.